మూడు సంఖ్యలతో గమ్యాన్ని పట్టే సూత్రం

సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒకటి తీసుకోండి, ఫోన్‌లో ఉన్నదైనా సరే. కోణాల కొలత RAD, అంటే రేడియన్లలో ఉండేలా చూసుకుని 1 కి cos నొక్కండి. 0.5403 వస్తుంది. 0.9998 కనిపించిందంటే అది ఇంకా డిగ్రీల్లోనే ఉందని అర్థం, మార్చుకోండి. ఇప్పుడు వచ్చిన జవాబుకే మళ్లీ cos నొక్కండి. దాని జవాబుకు మళ్లీ. అలా నొక్కుతూ పోతే తెర మీద ఈ సంఖ్యలు వరుసగా కనిపిస్తాయి:

1.0000
0.5403
0.8576
0.6543
0.7935
0.7014
0.7640
0.7221

ఒకసారి పైకి, ఒకసారి కిందికి. కానీ ఆ ఊపు ప్రతిసారీ కొంచెం తగ్గుతోంది. ఓపిగ్గా నొక్కుతూ ఉంటే చివరికి 0.7390851332 దగ్గర అంకెలు కదలడం మానేస్తాయి. ఆ సంఖ్యకు cos నొక్కితే అదే సంఖ్య తిరిగి వస్తుంది. గణితంలో దీన్ని స్థిర బిందువు అంటారు. x = cos x అనే సమీకరణానికి జవాబు ఇదే. బీజగణితంలో అటూ ఇటూ మార్చి ఈ సమీకరణాన్ని సాధించలేం. అందుకే ఒక అంచనాతో మొదలుపెట్టి, దాన్ని అదే సూత్రంలో మళ్లీ మళ్లీ పెడుతూ జవాబుకు దగ్గరవుతాం.

ఈ పద్ధతిలో ఇబ్బంది ఒక్కటే, నడక చాలా మెల్లన. ఇక్కడ ఒక్కో దశాంశ అంకె స్థిరపడడానికి ఇంచుమించు ఆరుసార్లు నొక్కాలి. పది దశాంశ స్థానాలు సరిగ్గా రావాలంటే 57 సార్లు నొక్కాల్సి వస్తుంది. కాలిక్యులేటర్ బటన్ కాబట్టి పోనీలే అనుకోవచ్చు. కానీ ఇంజినీరింగ్ లెక్కల్లో ఇలాంటి ఒక్క అడుగు వేయడానికే కంప్యూటర్‌కు గంటలు పట్టే సందర్భాలున్నాయి. అక్కడ 57 అడుగులంటే రోజులు గడిచిపోతాయి.

అన్ని అడుగులూ వేయకుండానే, మొదటి మూడు సంఖ్యలు చూసి, ఈ వరుస ఎక్కడ ఆగబోతోందో చెప్పగలమా? చాలావరకు చెప్పగలం. దానికి వాడేదే డెల్టా స్క్వేర్డ్ సూత్రం. తెలిసినంత మేర చూసి దాని అవతల ఏముందో లెక్కగట్టడాన్ని బహిర్వేశనం అంటారు. ఇదీ అలాంటిదే.

తగ్గే తీరులోనే ఆధారం

సంఖ్యలను అలా ఉంచి, వాటి మధ్య తేడాలను చూద్దాం. 1 నుంచి 0.5403కు వచ్చినప్పుడు తేడా −0.4597. అక్కడి నుంచి 0.8576కు వెళ్లినప్పుడు +0.3173. ఆ తర్వాత −0.2033, +0.1392, −0.0921, +0.0626, −0.0419. ఇప్పుడు ప్రతి తేడానూ దాని ముందున్న తేడాతో భాగించండి. −0.690, −0.641, −0.685, −0.662, −0.680, −0.669 వస్తాయి.

అసలు సంఖ్యలు ఇంకా 0.72కూ 0.76కూ మధ్య ఊగుతుండగానే, ఈ నిష్పత్తులు −0.67 చుట్టూ గుమికూడాయి. వరుస గమ్యానికి చేరకముందే, అది ఏ తీరున చేరబోతోందో నిష్పత్తి చెప్పేస్తోంది. తోసి వదిలేసిన ఊయల ఇటు ఎంత దూరం పోయిందో, తర్వాత అటు పోయేది అందులో దాదాపు మూడింట రెండు వంతులే అన్నమాట.

ఆ −0.67 ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు ఉన్న చోట cos వక్రరేఖ వాలు నుంచి. 0.739 దగ్గర ఆ వాలు −sin(0.739), అంటే −0.6736. జవాబుకు దగ్గరగా వెళ్లేకొద్దీ వక్రరేఖ దాదాపు సరళరేఖలా కనిపిస్తుంది కాబట్టి, మన అంచనాలో ఉన్న దోషం ప్రతి అడుగులోనూ ఈ వాలుతో గుణించబడుతూ పోతుంది. వాలు సున్నాకు దగ్గరగా ఉంటే నడక వేగంగా సాగుతుంది, 1కి గానీ −1కి గానీ దగ్గరగా ఉంటే నత్తనడకే.

పదో తరగతి గుణశ్రేఢి చాలు

తేడాలన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గుతున్నాయని కాసేపు అనుకుందాం. మొదటి తేడా d, నిష్పత్తి r అయితే రాబోయే తేడాలు d, dr, dr², dr³ ఇలా ఉంటాయి. ఇది గుణశ్రేఢి. మొదటి సంఖ్య నుంచి గమ్యం దాకా మిగిలిన ప్రయాణమంతా ఈ తేడాల మొత్తమే. r పరిమాణం 1 కంటే తక్కువైతే అనంతం దాకా కూడినా ఆ మొత్తం d/(1 − r) అని బడిలో చదువుకున్నాం. మనకు ఎదురుగా ఉన్న మూడు సంఖ్యల్లో రెండు తేడాలున్నాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే r కూడా చేతికొచ్చేస్తుంది. దాన్ని పై సూత్రంలో పెట్టి సర్దితే ఇలా తేలుతుంది:

గమ్యం ≈ x₀ − (x₁ − x₀)² / (x₂ − 2x₁ + x₀)

గణితంలో తేడాను Δ గుర్తుతో, తేడాల మధ్య తేడాను Δ² గుర్తుతో రాస్తారు. హారంలో ఉన్న x₂ − 2x₁ + x₀ అచ్చంగా ఆ రెండో తేడాయే. సూత్రానికి ఆ పేరు అలా వచ్చింది.

మన మొదటి మూడు సంఖ్యలతో చేసి చూద్దాం. 1, 0.540302, 0.857553. మొదటి తేడా −0.459698, దాని వర్గం 0.211322. రెండో తేడా 0.317251. హారం 0.317251 + 0.459698 = 0.776949. భాగిస్తే 0.271990. దీన్ని 1 లోంచి తీసేస్తే 0.728010.

అసలు జవాబు 0.739085. మన చేతిలో ఉన్న మూడు సంఖ్యల్లో జవాబుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న 0.8576 సైతం దానికి 0.118 దూరంలో ఉంది. ఆ మూడింటి నుంచే తీసిన కొత్త అంచనా మాత్రం 0.011 దూరంలోకి వచ్చింది. కొత్తగా cos ఒక్కసారి కూడా నొక్కలేదు. చేసిందల్లా కొన్ని తీసివేతలు, ఒక వర్గం, ఒక భాగహారం.

సంఖ్యలను ఒక్కొక్కటి ముందుకు జరుపుతూ ఇదే లెక్క చేస్తే అంచనాల కొత్త వరుస తయారవుతుంది: 0.7280, 0.7337, 0.7369, 0.7381, 0.7386. ఇందులో చివరిది 0.7935, 0.7014, 0.7640 అనే మూడింటి నుంచి వచ్చింది. దాని దోషం 0.00045. మామూలుగా cos నొక్కుతూ పోతే ఆ దగ్గరికి రావడానికి 17 సార్లు నొక్కాలి. ఇక్కడ ఆరుసార్లతో సరిపోయింది.

ఎడో నగరం నుంచి ఎడిన్‌బరో దాకా

ఈ సూత్రాన్ని న్యూజిలాండ్‌లో పుట్టి, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెగ్జాండర్ ఎయిట్‌కెన్ పేరుతో పిలుస్తారు. పెద్ద పెద్ద లెక్కలు మనసులోనే చేయగలవాడిగా ఆయనకు పేరుంది. బహుపదుల మూలాలను పునరావృత్తితో కనుక్కునే బెర్నూలీ పద్ధతిని వేగవంతం చేయడానికి ఆయన ఈ సూత్రాన్ని 1926లో వాడారు.

అయితే జపాన్ గణితవేత్త సెకి తకాకజు అంతకు రెండు వందల ఏళ్ల ముందే దీన్ని వాడారు. 1708లో ఆయన చనిపోయాక, 1712లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ లెక్క ఉంది. ఆయన వెతికింది పై విలువ. వృత్తంలో క్రమబహుభుజి గీసి, భుజాల సంఖ్యను రెట్టింపు చేస్తూ పోతే దాని చుట్టుకొలత వృత్త పరిధికి దగ్గరవుతుంది. రెట్టింపు చేసిన ప్రతిసారీ దోషం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే ఇక్కడా గుణశ్రేఢే, నిష్పత్తి పావు. సెకి 32,768, 65,536, 131,072 భుజాల చుట్టుకొలతలు మూడింటిని తీసుకుని ఇదే సూత్రంతో పై విలువను పది దశాంశ స్థానాలకు సరిగ్గా రాబట్టారు.

అంత పెద్ద బహుభుజులు లేకుండానే మనమూ చూడొచ్చు. వ్యాసం 1 ఉన్న వృత్తంలో 6, 12, 24 భుజాల చుట్టుకొలతలు 3, 3.105829, 3.132629. మొదటి తేడా 0.105829, రెండోది 0.026800. సూత్రంలో పెడితే 3.141717 వస్తుంది. 24 భుజాల దగ్గర దోషం 0.009 ఉంటే, సవరించాక 0.00012కు పడిపోయింది.

కొత్త అంచనాతోనే మళ్లీ మొదలుపెడితే

cos లెక్కకు తిరిగి వద్దాం. 0.728010 లాంటి మంచి అంచనా చేతికి వచ్చాక, పాత వరుసనే పట్టుకుని నడవడం ఎందుకు? ఆ అంచనానే కొత్త ఆరంభంగా తీసుకుందాం. దానికి రెండుసార్లు cos నొక్కితే 0.746500, 0.734070 వస్తాయి. ఈ మూడింటికీ సూత్రం వర్తింపజేస్తే 0.739067. దోషం 0.000018. దీన్ని మళ్లీ ఆరంభంగా పెట్టి ఇంకో విడత చేస్తే 0.7390851332. పది దశాంశ స్థానాలూ సరైనవే.

మొత్తం నొక్కినది ఆరుసార్లు. 57 చేయాల్సిన పని ఆరింటితో అయిపోయింది. మూడు విడతల దోషాలు 0.011, 0.000018, ఆపై 0.00000000005. ప్రతి విడతలోనూ సరైన అంకెల సంఖ్య ఇంచుమించు రెట్టింపవుతోంది. ఈ పద్ధతిని డెన్మార్క్‌కు చెందిన యోహాన్ స్టెఫెన్సన్ 1933లో ప్రచురించారు, అందుకే ఆయన పేరుతో పిలుస్తారు. న్యూటన్ పద్ధతీ ఇంత వేగంగానే సాగుతుంది, కానీ దానికి వాలును విడిగా కనుక్కోవాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. వాలు ఎంతో ఆ మూడు సంఖ్యల తేడాలే చెబుతాయి.

అసలు జవాబు ముందే తెలియనప్పుడు మన అంచనా ఎంత మంచిదో ఎలా తెలుస్తుంది? దానికి ఇంకొక్కసారి cos నొక్కితే చాలు. 0.739067కు cos నొక్కితే 0.739097 వస్తుంది. తేడా 0.000030. ఇక్కడి నుంచి గమ్యానికి మిగిలిన దూరం d/(1 − r) అని మనకు తెలుసు. r విలువ −0.67 కాబట్టి 0.000030ని 1.67తో భాగిస్తే 0.000018. అసలు దోషం సరిగ్గా అంతే. జవాబు తెలియకుండానే దోషం తెలిసింది.

హారం చిక్కిపోయినప్పుడు

ఈ సూత్రాన్ని వాడేవాళ్లు జాగ్రత్తపడాల్సిన చోటు హారం. వరుస గమ్యానికి దగ్గరయ్యేకొద్దీ తేడాలు చిన్నవవుతాయి, తేడాల తేడా కూడా అంతే. ఎనిమిది దశాంశాలు చూపే కాలిక్యులేటర్‌లో 40 సార్లు నొక్కాక రెండు సంఖ్యల మధ్య తేడా చివరి స్థానంలో ఒకే ఒక్క అంకెగా మిగులుతుంది. ఆ అంకె కూడా సవరింపు వల్ల ఒకటి అటో ఇటో అయి ఉండవచ్చు. అలాంటి తేడాలతో తీసిన నిష్పత్తిని నమ్మలేం. ఇంకా ముందుకు వెళితే మూడు సంఖ్యలూ ఒకటే అయిపోయి సున్నాను సున్నాతో భాగించాల్సి వస్తుంది. అందుకే ప్రోగ్రాం రాసేవాళ్లు హారం మరీ చిన్నదైతే లెక్క ఆపేయమని ముందే రాసి పెడతారు.

సూత్రాన్ని ఏ రూపంలో రాశామన్నదీ ముఖ్యమే. బీజగణితం ప్రకారం దాన్ని (x₀x₂ − x₁²) / (x₂ − 2x₁ + x₀) అని కూడా రాయవచ్చు. కాగితం మీద రెండూ ఒకటే. యంత్రం మీద మాత్రం కాదు. ఈ రెండో రూపంలో 0.546 చుట్టూ ఉన్న రెండు లబ్ధాలను ఒకదానిలోంచి ఒకటి తీసేయాలి. పైన చెప్పిన 40వ అడుగు దగ్గర ఎనిమిదో దశాంశం తర్వాత తెగిపోయిన ఆ చిన్న ముక్కే, కోటో వంతు ఉన్న హారంతో భాగించేసరికి జవాబులో రెండో దశాంశాన్ని చెడగొడుతుంది. మొదటి రూపంలో అలా కాదు. అక్కడ ఉన్న మంచి అంచనాకు ఒక చిన్న సవరణ మాత్రమే కలుపుతున్నాం. సవరణలో కొంత తప్పు దొర్లినా అది ఆ చిన్నదాంట్లో తప్పే. అందుకే ఎప్పుడూ మొదటి రూపమే వాడాలి.

పక్క బటన్ దగ్గర ఏమవుతుంది?

ఇప్పుడు cos వదిలేసి, పక్కనే ఉన్న sin తీసుకోండి. మళ్లీ 1తో మొదలుపెట్టండి. 0.8415, 0.7456, 0.6784, 0.6276, 0.5872 ఇలా తగ్గుతూ వస్తుంది. గమ్యం సున్నా, ఎందుకంటే sin 0 = 0. ఇదీ మెల్లగా నడిచే వరుసే. పదిసార్లు నొక్కాక 0.4630 దగ్గర ఉంటాం. వందసార్లు నొక్కినా ఇంకా 0.17 దగ్గరే.

ఎనిమిదో, తొమ్మిదో, పదో సంఖ్యలు 0.50217, 0.48133, 0.46296. వీటిని సూత్రంలో పెడితే 0.326 వస్తుంది. రావాల్సింది సున్నా. cos దగ్గర అంత పదునుగా పనిచేసిన సూత్రం ఇక్కడ మూడింట ఒక వంతు దూరం మాత్రమే దాటించగలిగింది. కొత్త అంచనాతో మళ్లీ మొదలుపెట్టినా ప్రతి విడతలోనూ దాదాపు మూడింట రెండు వంతుల దోషం అలాగే మిగిలిపోతుంది.

కారణం కోసం నిష్పత్తుల దగ్గరికే వెళ్లాలి. sin వరుసలో తేడాల నిష్పత్తులు 0.60, 0.70, 0.76, 0.79, 0.82 అంటూ పెరుగుతూ పోతాయి. పదో సంఖ్య దగ్గర 0.88, వందో సంఖ్య దగ్గర 0.98 దాటుతుంది. ఎక్కడా నిలవవు, 1 వైపు పాకుతూనే ఉంటాయి. సున్నా దగ్గర sin వక్రరేఖ వాలు సరిగ్గా 1 కావడమే దీనికి మూలం. దోషం తగ్గుతోంది గానీ గుణశ్రేఢిలో కాదు. n సార్లు నొక్కాక అది ఇంచుమించు 3/n వర్గమూలమంత ఉంటుంది. మన సూత్రం నిష్పత్తి స్థిరమనే నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకమే తప్పినప్పుడు జవాబూ తప్పుతుంది. cos వరుసలో తేడాల నిష్పత్తి స్థిరపడడం, sin వరుసలో స్థిరపడకపోవడం ముందే కనిపిస్తున్నాయి. సూత్రం వాడే ముందు నాలుగైదు నిష్పత్తులు తీసి చూసుకుంటే ఈ తేడా అక్కడే బయటపడుతుంది.

అలాగని sin వరుస మన చేతుల్లో లేదని కాదు. దోషం 3/n వర్గమూలం తీరున తగ్గేటప్పుడు ఈ సూత్రం ఇచ్చే సవరణ కావాల్సినదానిలో మూడో వంతే ఉంటుందని కాగితం మీద నిరూపించవచ్చు. కాబట్టి ఆ సవరణను మూడు రెట్లు చేద్దాం. 0.50217 నుంచి వచ్చిన సవరణ 0.17586. మూడు రెట్లు చేస్తే 0.52758. తీసివేస్తే −0.0254. అసలు గమ్యమైన సున్నాకు ఇంత దగ్గరగా రావాలంటే మామూలు నడకలో sin నాలుగు వేల సార్లకు పైగా నొక్కాలి, మనం పదిసార్లే నొక్కాం.

డెల్టా స్క్వేర్డ్ సూత్రం చేసేది ఒక్కటే. దోషం ఏ తీరున తగ్గుతోందో ఊహించి, ఆ ఊహను చివరిదాకా సాగదీస్తుంది. cos వరుస విషయంలో గుణశ్రేఢి అనే ఊహ సరిపోయింది కాబట్టి ఆరు అడుగుల్లో పది అంకెలు వచ్చాయి. sin వరుసకు అది సరిపోలేదు, సరైన ఊహ పెట్టగానే అదీ దారికి వచ్చింది. మెల్లగా సాగే ఏ లెక్క ఎదురైనా ముందుగా తేడాలు రాసి, వాటి నిష్పత్తులు తీయండి. అవి ఒకచోట నిలిస్తే సూత్రం వాడండి. నిలవకపోతే, అవి ఏ వైపు ఎలా పోతున్నాయో తేలాకే సవరణ ఎంతో నిర్ణయించండి.